పాఠాలు చెబుతున్నట్టు కాకుండా, జరిగిన ఒక్క దెబ్బ గురించి రాయాలి. ఎలా?

పలాస_పప్పు
కాశీబుగ్గలో చిన్న యూనిట్ నాది. జీడిపప్పు ప్యాక్ చేసి ఆన్‌లైన్‌లో ఇళ్లకి పంపుతాం. 2021లో మొదలుపెట్టాను. ఇన్నాళ్లలో తెలుసుకున్నవి లింక్డ్‌ఇన్‌లో పెడదామని రాసుకుని ఒక ఫ్రెండ్‌కి చూపిస్తే, రెండో పాయింట్ దగ్గరే ఆపేసి "కాలేజీ ఫేర్‌వెల్‌లో చీఫ్ గెస్ట్ మాట్లాడినట్టుంది" అన్నాడు. బాధేసింది కానీ మళ్లీ చదివితే నాకూ అలాగే అనిపించింది. కొంత ఇక్కడ పెడుతున్నాను.

"నాలుగేళ్ల ప్రయాణం నేర్పిన 10 పాఠాలు
1. కస్టమరే దేవుడు. ఈ మాట ఎన్నడూ మరవకండి.
2. నాణ్యత విషయంలో రాజీ పడకండి.
3. మీ టీమ్ మాట వినండి. అనుభవాన్ని గౌరవించండి.
4. పెద్ద ఆర్డర్ చూసి తొందరపడకండి.
5. ప్రకృతి మన చేతిలో ఉండదు. తిత్లీ లాంటి తుపాన్లు మనకి ఓర్పు నేర్పుతాయి."

ఇలాగే పది వరకూ. పదోది "ఓటమి విజయానికి తొలిమెట్టు". దీన్ని ఎలా మార్చాలి? నాకు నిజంగానే ఒక పెద్ద దెబ్బ తగిలింది, అది ఇందులో ఎక్కడా లేదు.

కోటజంక్షన్
సింపుల్. "మీరు" ఉన్న చోటల్లా "నేను" పెట్టండి. "టీమ్ మాట వినండి" బదులు "టీమ్ మాట వినాలని నేను తెలుసుకున్నాను". లెక్చర్ పోతుంది, అనుభవం అవుతుంది. నేను విజయనగరంలో నాలుగైదు షాపులకి సోషల్ మీడియా చూస్తాను, అక్కడ ఇదే పని చేస్తోంది.

ఉద్దానం_రైతుబిడ్డ
ముందు ఆ 5వ పాయింట్ తీసెయ్యండి దయచేసి. తిత్లీ వచ్చింది 2018 అక్టోబర్‌లో. మీరు కంపెనీ పెట్టింది 2021లో. మా నాన్న వేసిన జీడితోట, కొబ్బరి ఒక్క రాత్రిలో పోయాయి. మాకది ఓర్పు నేర్పలేదు, అప్పు నేర్పింది. మీది కాని కష్టాన్ని మీ పాఠంగా రాయకండి.

పలాస_పప్పు
@ఉద్దానం_రైతుబిడ్డ తీసేశాను అన్నా. ఊరి పేరుతో పాటు అదీ ఉంటే బరువుగా ఉంటుందని పెట్టాను. పెట్టకూడదు.

@కోటజంక్షన్ మార్చి చూశాను:
"టీమ్ మాట వినడం ఎంత అవసరమో నేను తెలుసుకున్నాను. నాణ్యతలో రాజీ పడితే ఏమవుతుందో నేను అనుభవపూర్వకంగా గ్రహించాను."
ఏదో తేడా ఉంది కానీ...

డెస్కు_మాజీ
చాలాకాలం పేపర్ డెస్కులో పని చేశాను. రోజూ ఇలాంటివి దిద్దడమే పని, అందుకని చెబుతున్నాను.

కోటజంక్షన్ గారు చెప్పింది సగం కరెక్ట్. "వినండి, మరవకండి, పడకండి" అనే క్రియలు పోవాల్సిందే, అవే చదివేవాడిని కింద కూర్చోబెడతాయి. కానీ "నేను గ్రహించాను" అన్నా చెప్పేది పాఠమే. ఏం జరిగిందో అందులో లేదు. ఒక పరీక్ష చెబుతాను. ఆ వాక్యంలో జీడిపప్పు బదులు బట్టల కొట్టు పెట్టి చదవండి. అప్పుడూ సరిపోతే అది మీ వాక్యం కాదు, కొట్టేయండి. ఈ పరీక్ష పెడితే మీ పదిలో ఒక్కటీ మిగలదు.

అయినా ఆ లిస్టు పనికిరానిదని అనను. 2, 3, 4 చూడండి. నాణ్యత, టీమ్ మాట, పెద్ద ఆర్డర్, వరసగా వచ్చాయి. నా అనుమానం, ఆ మూడూ ఒకే సంఘటనలోంచి వచ్చాయని. మీరు చెప్పిన ఆ పెద్ద దెబ్బ అదేనా? అయితే లిస్టు పక్కన పెట్టి వీటికి జవాబులు రాయండి, పోస్టులా కాకుండా మామూలుగా: ఎవరి ఆర్డర్ (పేరు వద్దు), ఎంత, ఏ రోజుల్లో? మీరు తీసుకున్న నిర్ణయం ఏది? ఆ క్షణంలో మీకు తెలిసింది ఏమిటి, తెలియంది ఏమిటి? ఎవరైనా వద్దన్నారా? ఎంత పోయింది?

రాజాం_రావు
తేమ మీటర్ ఏది వాడుతున్నారు? నేను మొక్కజొన్నకి ఒకటి కొన్నాను, నెలకే పోయింది. జీడిపప్పుకి వేరే ఉంటుందా?

నాగావళి
రావు గారూ, ఆయన అడుగుతున్నది పోస్టు ఎలా రాయాలని 🙂

పలాస_పప్పు
@డెస్కు_మాజీ సరిగ్గా పట్టుకున్నారు. మూడూ ఒక్కటే. రాస్తున్నాను.

2022 దీపావళికి విశాఖలో ఒక కంపెనీ 1,200 గిఫ్ట్ పెట్టెలు ఆర్డర్ ఇచ్చింది. ఒక్కో పెట్టెలో పావుకిలో పొట్లాలు రెండు, మొత్తం 600 కిలోలు, 240 గ్రేడు గుండ్లు. పెట్టె 520. అడ్వాన్స్ 2 లక్షలు ఇచ్చారు. అప్పటివరకూ మా పెద్ద ఆర్డర్ ముప్ఫై కిలోలు.

మామూలుగా పప్పు పది కిలోల సీలు డబ్బాల్లో తీసుకుంటాం. ఈసారి కిలోకి 15 రూపాయలు కలిసొస్తుందని లూజు తీసుకున్నాను. పొట్లాలు కూడా చూడ్డానికి బాగుంటాయని ఖాకీ కాగితం, ముందు పప్పు కనిపించే కిటికీ ఉన్నవి ఎంచాను. ఆ వారం ముసురు పట్టింది. ట్రేలలో పప్పు పరిచి ఫ్యాన్ కింద నలుగురు ఆడవాళ్లు రోజుల తరబడి ప్యాక్ చేశారు. పప్పుకి గాలిలో చెమ్మ ఎక్కింది. 15న లారీ వెళ్లింది. 20న వాళ్లు స్టాఫ్‌కి పంచారు. 21న ఫోన్. మెత్తగా ఉంది, ముక్క వాసన వస్తోంది అని. 340 పెట్టెలు వెనక్కొచ్చాయి. బ్యాలెన్స్ రాలేదు. 4 లక్షల 24 వేలు నష్టం.

దురదృష్టవశాత్తూ వాతావరణం కలిసి రాలేదు. ప్యాకింగ్ ఎంపిక కూడా తప్పయింది. ఆ తర్వాత మేం పద్ధతులన్నీ మార్చి మూడింతలు పెరిగాం.

టెక్కలి_గ్రానైట్
ఇదే బాగుంది, ఇది పెట్టేయండి. నా లైన్ వేరు కానీ ఇలాంటిదే జరిగింది. పాలిష్ అయిన పలకలు లోడింగ్‌లో మధ్యలో చెక్క సరిగా పెట్టక సగం పగిలిపోయాయి. లోడింగ్ వాళ్లని తిట్టాను. చెక్క కొనొద్దు, పాతదే సర్దండి అన్నది నేనేనని చాలా రోజుల తర్వాత ఒప్పుకున్నాను.

డెస్కు_మాజీ
టెక్కలి వారు తెలిసో తెలియకో అసలు పాయింట్ దగ్గరికి వచ్చారు.

పలాస గారూ, ఇప్పుడు పోస్టుకి సరుకు దొరికింది. కానీ మీరు రాసిందాంట్లో క్రియలు చూడండి. "ముసురు పట్టింది", "చెమ్మ ఎక్కింది", "కలిసి రాలేదు", "తప్పయింది". వాన చేసింది, పప్పు చేసింది, వాతావరణం చేసింది. మీరు చేసినవి రెండే. లూజు తీసుకున్నారు, పొట్లం ఎంచారు. రెండూ కొనుగోలు నిర్ణయాలు, ఎవరికైనా జరిగే పొరపాట్లు. మరి 3వ పాయింట్, "టీమ్ మాట వినండి", ఎక్కడినుంచి వచ్చింది? ఎవరో ఏదో చెప్పి ఉండాలి. ఈ కథలో ఆ మనిషి లేరు.

చివరి వాక్యం తీసెయ్యండి. మూడింతలు పెరిగామని ముగిస్తే, అంతకుముందు చెప్పిందంతా ఆ మాట కోసమే చెప్పినట్టు అవుతుంది.

కోటజంక్షన్
దీనితో ఒప్పుకోను. చివర పాజిటివ్ లేకపోతే కస్టమర్ ఏమనుకుంటాడు? ఈయన దగ్గర పప్పు మెత్తగా ఉంటుందని గుర్తుపెట్టుకుంటాడు. ఇది డైరీ కాదు, ఆయన కంపెనీ పేజీ.

నాగావళి
లెక్కలు చూసే మనిషిని కాబట్టి ఒకటి అడుగుతాను. 1,200 పెట్టెలు 520 చొప్పున 6,24,000. అడ్వాన్స్ 2 లక్షలు పోగా రావాల్సింది 4,24,000. అది రాని డబ్బు, అందులో మీ లాభం కూడా కలిసి ఉంది. నష్టం అంటే మీ చేతినుంచి పోయింది. పప్పుకి, పెట్టెలకి, కూలికి, లారీకి మొత్తం ఎంత పెట్టారు?

పలాస_పప్పు
పప్పు కిలో 720 లెక్కన 4,32,000. మిగతావన్నీ కలిపి దగ్గర దగ్గర 1,10,000. వెనక్కొచ్చిన వాటిలో బాగున్న పప్పు కొంత అమ్మితే 31,500 వచ్చింది.

నాగావళి
అంటే 5,42,000 పెట్టారు, 2,31,500 వచ్చింది. నష్టం 3,10,500. "సుమారు 3 లక్షల 10 వేలు" అని రాయండి. పెద్ద అంకె రాస్తే బాధ పెద్దగా కనిపిస్తుంది కానీ వ్యాపారం తెలిసినవాడు ఒక నిమిషంలో పట్టేస్తాడు, ఆ తర్వాత మిగతాదీ నమ్మడు.

బొబ్బిలి_అమ్మాయి
నేను వేరే కంపెనీలో హెచ్ఆర్. దీపావళి గిఫ్టులు ఆర్డర్ పెట్టేది నేనే. మీరు రాసిందాంట్లో "21న ఫోన్" అని రెండు ముక్కల్లో అయిపోయింది. ఆ ఫోన్ చేసిన మనిషి ఆ రోజు వాళ్ల మేనేజర్ దగ్గర ఎన్ని మాటలు పడి ఉంటుందో నాకు తెలుసు. అంతమందికి ముక్కిపోయిన జీడిపప్పు పంచిన మనిషి అని పండగంతా వింటుంది. ఆవిడ ఏమందో గుర్తుంటే అది రాయండి.

ఇంకోటి. వెనక్కొచ్చిన వాటిలో "బాగున్న పప్పు అమ్మాను" అన్నారు. ఎవరికి? చదివేవాళ్లు మొదట అడిగేది అదే.

ఉద్దానం_రైతుబిడ్డ
అవును. నాకూ అదే వచ్చింది.

పలాస_పప్పు
వాసన వచ్చినవన్నీ పారేశాం. వాసన లేకుండా కాస్త మెత్తబడ్డవి విడిగా ఏరి, మళ్లీ ఆరబెట్టి, విషయం చెప్పి ఒక స్వీటు షాపుకి సగం కన్నా తక్కువకి ఇచ్చాను. 90 కిలోలు. కిలో 350.

ఫోన్ చేసినావిడ తిట్టలేదు. "మీ పేరు నేనే చెప్పానండీ మా సార్‌కి" అంది అంతే. అది గుర్తుంది.

@డెస్కు_మాజీ మీరడిగిన మనిషి ఉంది. మా దగ్గర ప్యాకింగ్ చూసే అక్క. అంతకుముందు చాలా ఏళ్లు ఫ్యాక్టరీల్లో పొట్టు తీసి, గ్రేడింగ్ చేసింది. లోడింగ్ ముందు రోజు సాయంత్రం ఒక గుండు తీసి కొరికి, రెండో ముక్క గోటితో నొక్కి నాకు చూపించింది. ఎండిన పప్పు గోటికి చిట్లుతుంది, అది లొత్త పడింది. "బాబూ, పప్పు మెత్తబడిపోనాది. మళ్లీ బోర్మాలో పెట్టాల" అంది. బోర్మా అంటే పప్పు ఆరబెట్టే ఓవెన్ లాంటిది. లారీ రేపే, టైమ్ లేదక్కా అన్నాను.

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది, అందుకే "టీమ్ మాట వినండి" అని రాసి దాటేశాను.

డెస్కు_మాజీ
పోస్టు ఇదే. ఆ సాయంత్రం దగ్గర మొదలుపెట్టండి. గోరు, లొత్త, ఆవిడ మాట, మీ మాట. తర్వాత వెనక్కి వెళ్లి ఆర్డర్ ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత ఫోన్, డబ్బు.

పెట్టేముందు రెండు పనులు. అక్కకి చదివి వినిపించండి. ఆవిడ కథ కూడా ఇది, ఆవిడకి ఇష్టం లేకపోతే పెట్టే హక్కు మీకు లేదు. రెండోది, తేదీలు గుర్తు మీద రాయకండి. ఆనాటి వాట్సాప్, లారీ బిల్లు తీసి చూడండి. దెబ్బ తగిలిన రోజుల్ని మనసు తనకి వీలుగా సర్దేస్తుంది. దిద్దేటప్పుడు నేను చాలాసార్లు చూశాను.

రాజాం_రావు
బోర్మాలో మళ్లీ పెట్టడం అంత తేలికా? పొట్టు తీసిన పప్పు రంగు మారదూ? ఇది పోస్టు గురించి కాదని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఉద్దానం_రైతుబిడ్డ
మారుతుంది, వేడి ఎక్కువైతే. పొట్టు తీయకముందు పప్పుకి పొట్టే కాపు. తీశాక ఎక్కువ వేడి పెడితే అంచులు ఎర్రబడతాయి, గుండ్లు బద్దలవుతాయి. తక్కువ సెగలో పల్చగా పరిచి ఒక పూట ఉంచితే సరిపోతుంది. తేమ 5 శాతం లోపు ఉండాలి, ఎగుమతి సరుకుకీ అదే లెక్క. మా ఊళ్లో మీటర్ ఎవరూ చూడరు, అక్క చూసినట్టే చూస్తారు.

కోటజంక్షన్
డెస్కు గారూ, సాయంత్రం సీన్‌తో మొదలుపెడితే లింక్డ్‌ఇన్‌లో పని చేయదు. ముందు కనిపించేది రెండు మూడు లైన్లే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అక్కడ "3 లక్షల 10 వేలు పోగొట్టుకున్నాను" అని ఉండాలి. లేకపోతే ఎవడూ నొక్కడు.

డెస్కు_మాజీ
ఆ మాట నిజమే, మొదటి రెండు లైన్లలో ఏదో ఒకటి ఉండాలి. కానీ పోయిన డబ్బుతో మొదలుపెట్టే పోస్టులు రోజూ చూస్తున్నాం. గోటితో నొక్కితే లొత్త పడిన పప్పు ఎక్కడా చూడలేదు. జీడిపప్పు తినని వాళ్లు ఎవరున్నారు, ఆ మెత్తదనం అందరికీ తెలుసు. ఇది అభిరుచి విషయం, ఆయనకే వదిలేద్దాం.

పలాస_పప్పు
రెండు రోజులు రాలేకపోయాను. అక్కకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముందు రోజు కాదు బాబూ. బుధవారం చెప్పాను" అంది. నేను కాదన్నాను. పాత ఫోన్ తీసి చూశాం. ట్రేల ఫోటో ఆవిడ మేనల్లుడి ఫోన్‌నుంచి నాకు పంపింది, కింద "పప్పు చూడండి సార్" అని ఉంది. తేదీ 12. అది బుధవారమే. లారీ వెళ్లింది 15, శనివారం. నేను ఆ మెసేజ్‌కి బొటనవేలు గుర్తు పెట్టి వదిలేశాను.

కాబట్టి "టైమ్ లేదు" అన్నది అబద్ధం అవుతుంది. కావాలని అనలేదు, నిజంగా అలాగే గుర్తుంది. కానీ రెండు రోజులు టైమ్ ఉంది. తెలిసినవాళ్ల బోర్మా అడిగితే ఇచ్చేవాళ్లు కూడా.

ఇప్పుడేం చేయాలో తెలీడం లేదు. పోస్టు మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

నాగావళి
ఇప్పుడు ఇంకా బాగుంది కదా?

టెక్కలి_గ్రానైట్
నాకైతే ఇది పెట్టొద్దనిపిస్తోంది. టైమ్ లేక పంపడం వేరు, టైమ్ ఉండి పంపడం వేరు. రెండోది చదివితే జనం క్షమించరు.

డెస్కు_మాజీ
టెక్కలి గారి భయం అర్థమైంది. కానీ పేపర్ మీద తేదీ దొరికాక పాతదే పెట్టలేరు, ఆ నలుగురు ఆడవాళ్లకీ నిజం తెలుసు.

పలాస గారూ, "టైమ్ లేదు" పోయింది కాబట్టి అసలు ప్రశ్న ఇప్పుడు మిగిలింది. టైమ్ ఉంది, చెప్పిన మనిషికి పని తెలుసు, బోర్మా దొరుకుతుంది. అయినా ఎందుకు వద్దనుకున్నారు? బుధవారం నాడు మీ తలలో ఉన్న లెక్క ఏమిటి? ఎంత చిన్నదైనా, ఎంత చెడ్డగా కనిపించినా అదే రాయండి. ఇలాంటి పోస్టులు చదివే ఇంకో వ్యాపారికి పనికొచ్చేది అదొక్కటే. తేమ గురించి అతనికి ఎక్కడైనా దొరుకుతుంది.

పలాస_పప్పు
లెక్క ఇది. మళ్లీ బోర్మాలో పెడితే గుండ్లు కొన్ని బద్దలవుతాయి. నూటికి అయిదు పోయినా 30 కిలోలు. వాటి బదులు కొత్త గుండ్లు కొనాలంటే 21,600. బద్దలు అమ్ముకుంటే కొంత వస్తుంది కానీ అప్పటికి చేతిలో డబ్బు లేదు, అడ్వాన్స్ మొత్తం పప్పుకే పోయింది, ఇంకా షాపువాడికి బాకీ ఉన్నాను. ఎవర్నైనా అడగడం ఇష్టం లేదు.

ఇంకో సంగతి. అదే మాట కంపెనీలో క్వాలిటీ చూసే చదువుకున్నవాడెవరైనా చెప్పి ఉంటే ఆపేవాడినేమో. అక్క చెప్పేసరికి, గిఫ్ట్ ప్యాకింగ్ గురించి ఈవిడకేం తెలుసులే అనుకున్నాను. అది ఆ రోజు అనుకున్న మాట.

బొబ్బిలి_అమ్మాయి
ఈ చివరి రెండు వాక్యాలు తీయకండి. మిగతాది ఎంత కుదించినా పర్లేదు.

పలాస_పప్పు
మొత్తం తిరగరాశాను. చూడండి.

"2022 అక్టోబర్ 12, బుధవారం. కాశీబుగ్గలో వాన. మా ప్యాకింగ్ అక్క ఒక జీడిపప్పు తీసి గోటితో నొక్కింది. చిట్లలేదు, లొత్త పడింది. 'బాబూ, పప్పు మెత్తబడిపోనాది. మళ్లీ బోర్మాలో పెట్టాల' అంది. ట్రేల ఫోటో కూడా పంపింది. నేను పర్లేదక్కా, కట్టేయండి అన్నాను. ఆ మాటకి 3 లక్షల 10 వేలు పోయాయి.

దీపావళి గిఫ్టులకి ఒక కంపెనీ 1,200 పెట్టెలు ఆర్డర్ ఇచ్చింది. మొత్తం 600 కిలోలు. అంతకుముందు మేం ముప్ఫై కిలోలకి మించి ఒకేసారి పంపలేదు. కిలోకి 15 రూపాయలు మిగులుతాయని సీలు డబ్బాలు మాని లూజు పప్పు కొన్నాను. అందంగా ఉంటాయని కాగితం పొట్లాలు ఎంచాను. వానాకాలపు గాలిలో ఆ పప్పు రోజుల తరబడి తెరిచి ఉంది.

లారీ శనివారం. మళ్లీ ఆరబెట్టడానికి రెండు రోజులు ఉన్నాయి, బోర్మా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆరబెడితే కొన్ని గుండ్లు విరుగుతాయి, వాటి బదులు కొనడానికి 21 వేలు కావాలి, నా దగ్గర లేవు, ఎవర్నీ అడగదలుచుకోలేదు. చెప్పింది చదువుకున్న క్వాలిటీ మనిషైతే ఆగేవాడినేమో. చెప్పింది అక్క కాబట్టి ఆగలేదు.

21న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మెత్తగా ఉన్నాయి, ముక్క వాసన వస్తోంది అన్నారు. ఆర్డర్ పెట్టినావిడ నన్ను తిట్టలేదు. 'మీ పేరు నేనే చెప్పానండీ మా సార్‌కి' అంది.

340 పెట్టెలు వెనక్కొచ్చాయి. వాసన వచ్చినవి పారేశాం. మిగిలిన 90 కిలోలు ఆరబెట్టి, విషయం చెప్పి ఒక స్వీటు షాపుకి కిలో 350కి ఇచ్చాం.

ఇప్పుడు మీటర్ ఉంది. తేమ 5 దాటితే ప్యాకింగ్ ఆపేస్తాం. ఆపే అధికారం అక్కదే."

నాగావళి
అంకెలు సరిపోయాయి.

ఉద్దానం_రైతుబిడ్డ
బాగుంది. చివరిది నిజమేనా? అక్క ఎప్పుడైనా ఆపిందా?

పలాస_పప్పు
మీటర్ చూసి ఆపిన సందర్భాలు ఉన్నాయి. అక్క తనంతట తాను ఆపింది అంటే... నన్ను అడిగే ఆపుతుంది. అధికారం ఇచ్చానని ఆవిడకి చెప్పాను కానీ నన్ను అడగకుండా ఇంతవరకూ ఆపలేదు.

డెస్కు_మాజీ
అయితే ఆ వాక్యం తీసెయ్యండి, లేదా జరిగినంతే రాయండి. "తేమ 5 దాటితే ప్యాకింగ్ ఆపేస్తాం. అక్క ఇప్పటికీ నన్ను అడిగే ఆపుతుంది." ఇంతకుముందు లిస్టులో పాఠం చెప్పాలన్న తాపత్రయం, ఇప్పుడు మారిపోయానని చెప్పాలన్న తాపత్రయం. రెండూ ఒక చోటినుంచే వస్తాయి.

"ఆ మాటకి 3 లక్షల 10 వేలు పోయాయి" అన్నది కూడా ఒకసారి చూసుకోండి. కాగితం పొట్లం పాలు కొంత ఉంది. ఆరబెట్టినా అందులో పెడితే మళ్లీ చెమ్మ ఎక్కేదేమో. "ఆ ఆర్డర్‌లో 3 లక్షల 10 వేలు పోయాయి" అంటే తప్పు ఉండదు.

కోటజంక్షన్
ఒప్పుకుంటున్నాను, నేను చెప్పిన దానికన్నా ఇది బాగుంది, డబ్బు కూడా మొదటి పేరాలోనే వచ్చేసింది. కానీ "అక్క ఇప్పటికీ నన్ను అడిగే ఆపుతుంది" అని ముగిస్తే కస్టమర్ ఆగిపోతాడన్న నా మాట మీదే ఉన్నాను. కొనేవాళ్లు చదివే చోట ఇలా వదిలేయడం నాకు నచ్చలేదు.

బొబ్బిలి_అమ్మాయి
కొనేదాన్ని నేనే కదా. నేను ఆగను. తేమ ఎంతో చెప్పి పంపమని అడుగుతాను.

టెక్కలి_గ్రానైట్
ఆ కంపెనీ వాళ్లు చదివితే? 1,200 పెట్టెలు, 2022 దీపావళి, విశాఖ. పేరు లేకపోయినా వాళ్లకి తెలిసిపోతుంది. 860 పెట్టెలు వాళ్ల దగ్గరే ఉండి కూడా అడ్వాన్స్ తప్ప ఒక్క రూపాయి ఇవ్వలేదు, అది మీరు రాయలేదు, మంచిదే. రాస్తే గొడవ మొదలవుతుంది.

పలాస_పప్పు
విశాఖ అన్నది ఇప్పటికే తీసేశాను. ఆ 860 గురించి రాయను. వాళ్లు పంచినవి కూడా మెత్తగానే ఉన్నాయి, ఏం అడగను? ఆర్డర్ పెట్టినావిడ నంబర్ ఇంకా ఉంది. ఆవిడ మాట వాడుతున్నాను కాబట్టి ఇవాళ ఇది ఆవిడకి పంపుతున్నాను. వద్దంటే ఆ పేరా తీసేస్తాను.

రాజాం_రావు
ఆ మీటర్ ఏదో చెప్పనేలేదు.

పలాస_పప్పు
@రాజాం_రావు మీకు విడిగా ఫోటో పంపుతాను. మొక్కజొన్నది దీనికి పని చేయదు, జీడిపప్పు సెట్టింగ్ ఉన్నదే తీసుకోండి.